పూలతోట కొలతలో సున్న

గ్వాలియర్ కోటలోని చతుర్భుజ ఆలయంలో క్రీ.శ. 876 నాటి శాసనం ఒకటి ఉంది. గుడికిచ్చిన పూలతోట కొలత 270 మూరలు, 187 మూరలు అనీ, దేవుడికి రోజూ 50 దండలు అందాలనీ అందులో చెక్కారు. 270 చివర, 50 చివర చిన్న గుండ్రటి సున్న ఉంది. అది ఏ సిద్ధాంత గ్రంథంలోనో కాక దండల లెక్కలో కనిపించడమే అబ్బురం. వివరణ లేకుండా చెక్కారంటే, చదివేవాళ్లకు ఆ గుర్తు అప్పటికే అలవాటన్నమాట. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే, 683లో, కంబోడియాలోని ఒక శాసనం శక సంవత్సరం 605ను నడుమ చుక్క పెట్టి రాసింది.

ఆ తోట వైశాల్యం కడితే సున్న చేసే పని తెలుస్తుంది. పాత బ్రాహ్మీ అంకెల్లో 20కి ఒక గుర్తు, 70కి ఇంకొకటి, 200కి వేరొకటి. 27కీ 270కీ చూపులో పోలికే లేదు. స్థానాన్ని బట్టి విలువ మారే పద్ధతిలో ముందు 187ని 27తో గుణిస్తే చాలు. ఇరవైతో 3740, ఏడుతో 1309, మొత్తం 5049. చివర సున్న చేరిస్తే 50490 చదరపు మూరలు. ఇందులో వేల స్థానం, ఒకట్ల స్థానం ఖాళీ. ఆ ఖాళీలను రాయకపోతే మిగిలేది 549. సంఖ్య ఎంత పెద్దదైనా కొత్త గుర్తు అక్కర్లేదు, పది అంకెలే చాలు.

ఇది బాబిలోనియన్లకూ తెలుసు కదా అనవచ్చు. నిజమే, వాళ్లు అరవై ఆధారంగా స్థానాలు వాడారు, తర్వాతి కాలంలో నడుమ ఖాళీకి గుర్తూ పెట్టారు. కానీ సంఖ్య చివర దాన్ని పెట్టేవారు కాదు. అందువల్ల ఒకటో అరవయ్యో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. పూసల చట్రంలో ఖాళీ వరుస ఉంటుంది కదా అన్నా, పూసలు జరిపితే ఆ సంఖ్య పోతుంది. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను ఖాళీకి గుర్తుగా వదిలేయక, లెక్కలో పాల్గొనే సంఖ్యగా తీసుకున్నాడు. సంఖ్యలోంచి అదే సంఖ్యను తీసేస్తే సున్న, దేన్నైనా సున్నతో గుణిస్తే సున్న అని నియమాలు చెప్పాడు. సున్నను సున్నతో భాగిస్తే సున్నే అన్నది మాత్రం నిలవలేదు. అయినా ఆ ప్రశ్న వేయగలగడమే అసలు మలుపు.

తర్వాత అరబ్బుల ద్వారా ఈ అంకెలు ఐరోపా చేరాయి. 1202లో ఫిబొనాచి వాటిని వర్తకుల లెక్కలకు పరిచయం చేశాడు. మనవైపు పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు చేశాడు. ఈ తర్వాతి కథకు రాతలు మిగిలాయి, పోయిందల్లా సున్నను తొలిరోజుల్లో వాడిన ఆనవాళ్లే. అప్పటి లెక్కలు దుమ్ము చల్లిన పలక మీద వేసి చెరిపేసేవారు. అందుకే గ్వాలియర్ రాయిని సున్న పుట్టినచోటుగా చూపడం సరికాదు. అది స్థిరపడిన అలవాటుకు సాక్ష్యం మాత్రమే.