కైనెటిక్ టైపోగ్రఫీ: మాట తెరపైకి వచ్చే వేళ

పాటనో సూక్తినో, తరచూ దాన్ని వినిపించే గొంతుతో కలిపి, కదిలే అక్షరాలుగా తెరపై చూపే పద్ధతి కైనెటిక్ టైపోగ్రఫీ. సినిమా టైటిళ్లలో దీన్ని విస్తృతంగా వాడిన తొలి ఉదాహరణల్లో సాల్ బాస్ టైటిళ్లు రూపొందించిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959) ఒకటి.

మాట ఎప్పుడు రావాలన్నదే ఇందులో అసలు నేర్పు.

“నేను రేపే వస్తాను” అన్న వాక్యం చూద్దాం. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. గొంతులో ‘రేపే’ 20వ ఫ్రేము దగ్గర మొదలవుతుందనుకుందాం. ఆ మాట పెద్దదై నిలవడానికి 6 ఫ్రేములు పడతాయి. కొత్తవాళ్లు కదలికను కూడా 20లోనే మొదలుపెడతారు. అప్పుడు మాట కుదురుకునేసరికి దాదాపు పావు సెకను గడిచిపోయి, అక్షరాలు గొంతు వెనక పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి. 15వ ఫ్రేములోనే మొదలుపెడితే ‘రే’ పలికే వేళకు మాట చదవడానికి సిద్ధంగా ఉంటుంది. కాస్త ముందు రావడం కన్నా ఆలస్యంగా రావడమే కంటికి ఎక్కువ ఇబ్బంది.

నొక్కి పలికింది ‘రేపే’ కాబట్టి పెద్ద కదలిక దానికొక్కదానికే చాలు. ‘నేను’, ‘వస్తాను’ నెమ్మదిగా తేలితే సరిపోతుంది. మూడూ ఎగిరితే నొక్కు ఎక్కడుందో తెలియదు.

తెలుగులో మరో చిక్కుంది. అక్షరాలను విడివిడిగా కదిలించే కొన్ని ఎఫెక్టులు గుణింతాన్ని, వత్తును అక్షరం నుంచి విడదీస్తాయి. మాటను మొత్తంగా కదిలించడమే క్షేమం.