తక్కెడ చిక్కులెక్కలు

చూపుకు ఒకేలా ఉన్న నాణేల్లో బరువు తేడా ఉన్న ఒక్కదాన్ని తూకంరాళ్లు లేకుండా, వీలైనన్ని తక్కువ తూకాల్లో పట్టుకోవడమే తక్కెడ చిక్కులెక్క. దీని కీలకమంతా ముల్లులో ఉంది. అది ఎడమకు వాలుతుంది, కుడికి వాలుతుంది, లేదా నిటారుగా నిలుస్తుంది. ఎనిమిది బంతుల్లో బరువైనదాన్ని వెతకమంటే చాలామంది నాలుగూ నాలుగూ వేసి, సగాలు చేసుకుంటూ మూడు తూకాలు ఖర్చు చేస్తారు. నిటారు ముల్లు కూడా ఒక జవాబేనని గుర్తిస్తే మూడూ మూడూ వేసి రెండింటిని పక్కన పెడతారు, రెండు తూకాలతో పని ముగుస్తుంది. 1945 జనవరిలో ఇ.డి. షెల్ ‘అమెరికన్ మ్యాథమేటికల్ మంత్లీ’లో ఇచ్చిన లెక్క ఇంకా పొదుపైనది: ఎనిమిది నాణేల్లో తేలికది ఉందా, ఉంటే ఏది? ‘లేదు’తో కలిపి తొమ్మిది అవకాశాలు, రెండు తూకాలకు వచ్చే జవాబులూ సరిగ్గా తొమ్మిదే.

అలాగని అవకాశాలు లెక్కపెడితే సరిపోతుందా? తేడా నాణెం బరువో తేలికో ముందే తెలియకపోతే ఒక్కో నాణేనికీ రెండు అవకాశాలు. పదమూడు నాణేలకు ఇరవై ఆరు, మూడు తూకాలకు ఇరవై ఏడు జవాబులు, కాబట్టి సరిపోవాలి కదా అన్న ఆక్షేపణ సహజమే. కానీ సరిపోదు. పళ్లేనికి నాలుగు చొప్పున వేస్తే బయట అయిదు మిగులుతాయి. ముల్లు నిలిస్తే పది అవకాశాలు, రెండు తూకాలు తేల్చగలిగేది తొమ్మిదే. అయిదేసి వేసి ముల్లు వాలినా అదే పది. నాణెం ఏదో పట్టుకోవచ్చు గానీ, అది బరువో తేలికో అన్నిసార్లూ చెప్పలేం. 1946లో ఫ్రీమన్ డైసన్ దీనికి సాధారణ పరిష్కారం ఇచ్చాడు: n తూకాలకు (3ⁿ − 3)/2 నాణేలు, అంటే మూడు తూకాలకు పన్నెండు.

ముల్లు అబద్ధమాడదని ఈ లెక్కలన్నీ నమ్ముతాయి. అసలు తక్కెడకు పాసంగం ఉంటుంది. పళ్లేల్లో సరుకు అటుదిటు మార్చి తూచినా ముల్లు అదే పక్కకు వాలితే లోపం తక్కెడదని అనుమానించాలి. ఏ పక్కకో తెలియకుండా దొర్లే చిన్న పొరపాట్లు మాత్రం అలా దొరకవు. వాటి మీద 1944లో హెరాల్డ్ హోటెలింగ్, 1946లో ‘సాంఖ్య’ పత్రికలో సి.ఆర్. రావు పని చేశారు.  రాళ్లతో రెండు వస్తువుల బరువు కట్టాలనుకుందాం. విడివిడిగా కాకుండా, ఒకసారి రెండింటినీ ఒకే పళ్లెంలో, ఇంకోసారి చెరో పళ్లెంలో పెట్టి తూస్తే మొత్తమూ తేడా దొరుకుతాయి. వాటిని కూడి సగం చేస్తే ఒక బరువు, తీసివేసి సగం చేస్తే రెండోది. తూకాలు అవే రెండు. పొరపాట్ల విస్తృతి మాత్రం సగానికి పడుతుంది. ఇది చిక్కులెక్క కాదు, వేరే సమస్య అనవచ్చు. అడిగేది వేరే, నిజమే. ఏ పళ్లెంలో ఏది పెట్టాలో ముందే ఆలోచించి ప్రతి తూకాన్నీ పూర్తిగా వాడుకోవడం మాత్రం రెండింట్లోనూ ఒకటే.