ఆముదం చెక్క నుంచి రాజ్మా గిన్నె దాకా

నల్లగొండ, పాలమూరు చల్క నేలల్లో వానలు తక్కువైన ఏడు కూడా ఎంతో కొంత చేతికొచ్చే పంట ఆముదం. నూనె తీశాక మిగిలిన చెక్కను చేనుకు ఎరువుగా వేస్తారు గానీ గొడ్ల ముందు పెట్టరు. తింటే చస్తాయని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చెక్కలో ఏముందో వెతికిన మనిషి మాత్రం చాలా దూరాన, ఇప్పటి ఎస్టోనియాలోని తార్తులో ఉన్నాడు. 1888లో అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థి పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదపు గింజల సారాన్ని రక్తంలో కలిపి చూస్తే, ఎర్ర కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాయి. ఇలా కణాలను అతికించే ప్రొటీన్లకు తర్వాత లెక్టిన్లు అని పేరొచ్చింది.

రాజ్మాలో ఉన్నదీ ఆ జాతిదే. దాని పేరు ఫైటోహీమగ్లుటినిన్. ఆముదంలోని రిసిన్ అంత ప్రాణాంతకం కాదు, కానీ సరిగా ఉడకని నాలుగైదు గింజలు చాలు మనిషిని మంచాన పడేయడానికి. అది పేగు లోపలి పొర కణాలకు అంటుకుంటుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, ఆగని వాంతులు, ఆపైన విరేచనాలు మొదలవుతాయి.

రాజ్మా మన నేలది కాదు. మెక్సికో నుంచి ఆండీస్ కొండల దాకా పుట్టి, యూరప్ ఓడల మీద లోకమంతా తిరిగింది. దక్కన్‌లో దానికంటే వేల ఏళ్ల ముందే ఉలవలు, పెసలు ఉన్నాయి. బళ్లారి, కర్నూలు వైపు నవీన శిలాయుగపు ఊళ్ల తవ్వకాల్లో మాడిన ఉలవ గింజలు దొరికాయి. ఉలవల్లో, అనుములు, చిక్కుడు గింజల్లో కూడా లెక్టిన్లు ఉన్నాయి. అయినా మన ఇళ్లలో వాటి పేరు చెప్పి వాంతులు చేసుకున్నవాళ్లు తక్కువ. కారణం గుడాలు చేసే పద్ధతే. రాత్రి నానేసి, పొద్దున కొత్త నీళ్లలో మసిలించి, గింజ మెత్తబడ్డాకే తాలింపు పెడతారు. ఉలవకట్టు తాగినా ఏమీ కాకపోవడానికి కారణమూ ఇదే. ఆ నీళ్లు బాగా మసిలాయి కాబట్టి లెక్టిన్ అప్పటికే విరిగిపోయి ఉంటుంది.

తేడా ఎక్కడ వస్తుందో బ్రిటన్ చూపించింది. 1976లో సెలవులకు వెళ్లిన కొందరు బడి పిల్లలు నానేసిన రాజ్మాను ఉడికించకుండానే తిన్నారు. తిన్న తొమ్మిది మందికీ వాంతులు పట్టుకున్నాయి. తర్వాత అక్కడ ఇలాంటివి మరెన్నో బయటపడ్డాయి. వాటిలో కొన్ని సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ వంటలు. సుమారు 80 డిగ్రీల దగ్గర గింజ మెత్తబడుతుంది, లెక్టిన్ మాత్రం చావదు. పైగా అలా ఉడికిన గింజ పచ్చి గింజ కంటే ఐదు రెట్ల దాకా విషపూరితం కావచ్చని తేలింది. అమెరికాలో పొద్దున స్లో కుక్కర్ పెట్టి ఆఫీసుకు పోయే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మెత్తగా ఉందంటే ఉడికిందని కాదు. మసిలిందా లేదా అన్నదే లెక్క.

నల్లగొండ బోరు నీళ్లతో దీనికి ఎదురు చిక్కు ఉంది. ఆ నీళ్ల కాఠిన్యానికి, అందులోని కాల్షియం మెగ్నీషియంలకు గింజ ఎంతసేపైనా గట్టిగానే ఉంటుంది. పాత గింజైతే మరీ. విసుగొచ్చి పలుకుగానే దించేసేవాళ్లున్నారు. అలాంటి చోట ఫిల్టర్ నీళ్లు వాడితే పని తేలిక.

పద్ధతి ఇది. కప్పు రాజ్మాను కడిగి, మూడు నాలుగు కప్పుల నీళ్లలో కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానేయాలి. ఎండాకాలం మన దగ్గర నీళ్లు పులిసిపోతాయి కాబట్టి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. నానిన నీళ్లు పారబోసి, గింజల్ని కడిగి, మళ్లీ కొత్త నీళ్లు పోయాలి. పొయ్యి మీద కుతకుతా ఉడకడం మొదలయ్యాక గడియారం చూసి 30 నిమిషాలు అలాగే మసలనివ్వాలి. లెక్క గిన్నె పెట్టినప్పటి నుంచి కాదు. బ్రిటన్‌లో పది నిమిషాలు చాలంటారు, అమెరికా ఆహార శాఖ మాత్రం అరగంట అంటుంది. నేను అరగంట పక్షమే, ఖర్చయ్యేది కొంచెం గ్యాసే కదా. ఆ తర్వాత మంట తగ్గించి, వేళ్ల మధ్య నొక్కితే లోపల తెల్లని పలుకు లేకుండా నలిగేదాకా ఉంచాలి. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి నానిన గింజకు మొదటి కూత తర్వాత సన్న మంట మీద 15 నుంచి 20 నిమిషాలు సరిపోతాయి. డబ్బాల్లో వచ్చే రాజ్మా ముందే ఉడికించింది.

ఈ మధ్య కొత్తగా వచ్చిన ప్రమాదం మొలకల గిన్నెలో ఉంది. పెసలు, సెనగల మొలకల్లో రంగు కోసం రాజ్మా కూడా కలుపుతున్నారు. మొలకెత్తినంత మాత్రాన దానిలోని లెక్టిన్ పూర్తిగా పోదు. రాజ్మా మొలకలు తినాలనుకుంటే వాటినీ అలాగే మసిలించాలి.

ఒకవేళ ఎవరైనా తిని పడిపోతే దీనికి విరుగుడు మందంటూ లేదు. వాంతులు ఆగిన మధ్య మధ్యలో ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. చాలామంది మూడు నాలుగు గంటల్లో తేరుకుంటారు. నీళ్లు కూడా నిలవకపోయినా, పిల్లలకు గాని పెద్దవయసు వాళ్లకు గాని మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకుపోయి సెలైన్ పెట్టించాలి.