ఉక్కపోతకు అలవాటుపడే గుండె

జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు ప్రాంతంలో ఎండ మండుతుంది గానీ గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టగానే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. పాలమూరు వలస కూలీ ముంబయికి చేరినప్పుడు అక్కడి తేమ గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మంలోకి ఎక్కువ రక్తాన్ని మళ్లిస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, ఒక్కో స్పందనకు తక్కువ రక్తం వెళ్తుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. ఊళ్లో మోసిన సిమెంటు బస్తానే అక్కడ మోసినా నాడి దడదడలాడేది అందుకే.

రోజూ ఆ వేడిలో పనిచేస్తుంటే మొదటి వారంలోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి, అదే పనికి నాడి వేగం తగ్గుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం నెమ్మదిగా వచ్చే మార్పులు. మొత్తం సర్దుబాటుకు సుమారు 7 నుంచి 14 రోజులు పడుతుంది. పని మానేసి చల్లగా గడిపితే కొన్ని వారాల్లో ఈ అలవాటు పోతుంది. పండక్కి ఊరొచ్చి వెళ్లినవారు మళ్లీ కొంత అలవాటు పడాల్సిందే.

అందుకే కొత్తవారికి తొలిరోజు వేడిలో పని 20 శాతమే ఇచ్చి, రోజుకు మరో 20 శాతం పెంచాలి. విరామంలో కూర్చోగానే మణికట్టు దగ్గర 30 సెకన్లు నాడి లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. అది 110 దాటితే తర్వాతి విడత పనిని మూడో వంతు తగ్గించాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బే అనుకోవాలి. వెంటనే నీళ్లు పోసి చల్లబరుస్తూ ఆసుపత్రికి చేర్చాలి.