ఖర్మ, కర్మ, ధర్మం: ఆంగ్ల వాడుకలో రెండు సంస్కృత పదాల అర్థవిపరిణామం

ప్రవేశిక

సంస్కృతం నుంచి తెలుగులోకి ఒక దారిన, ఇంగ్లీషులోకి మరొక దారిన వెళ్ళిన ‘కర్మ’, ‘ధర్మ’ పదాలు నేడు హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల్లో ఒకే వ్యక్తి నోట ఎదురుపడుతున్నాయి. కంప్యూటర్ కోర్సులకూ స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకూ జిల్లాల నుంచి అమీర్‌పేట చేరే యువత ఈ మాటలకు ఇంటి అర్థాన్ని వెంట తెచ్చుకుంటుంది. ఇంగ్లీషు సంభాషణలో వాటికి వేరొక అర్థాన్ని అలవరచుకుంటుంది. ఆ తేడా ఎలా ఏర్పడిందో, అనువాదంలో ఏ చిక్కు తెస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగ్లీషులో కర్మ

చార్లెస్ విల్కిన్స్ 1785లో భగవద్గీతను అనువదించినప్పుడు కర్మను ‘పనులు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటతో చెప్పాడు. సంస్కృత పదానికి విస్తృత ప్రచారం కల్పించినవారిలో దివ్యజ్ఞాన సమాజంవారు ముఖ్యులు. 1875లో న్యూయార్కులో ఏర్పడిన ఆ సమాజం 1882లో మద్రాసు సమీపంలోని అడయారుకు మారింది. బ్లావట్‌స్కీ 1889లో వెలువరించిన ‘ది కీ టు థియాసఫీ’లో కర్మ ఒక విశ్వనియమం, పునర్జన్మతో దానికి విడదీయరాని సంబంధం. 1970లో జాన్ లెనన్ పాట శీర్షిక ‘ఇన్‌స్టంట్ కర్మ’ నాటికి జన్మాంతరాల గడువు చెరిగిపోయి, ఫలం అప్పటికప్పుడే అందుతుందన్న భావన జనప్రియమైంది. నేటి మాటల్లో ‘దట్స్ కర్మ’ అంటే, చెడు చేసినవాడికి మన కళ్ళముందే శాస్తి జరిగిందని. పని అనే మూలార్థం మరుగై, ఎదుటివాడికి దక్కిన ప్రతిఫలం మిగిలింది.

తెలుగులో ఖర్మ

తెలుగు వాడుక ఇందుకు దాదాపు విలోమంగా నడిచింది. వ్యాకరణంలో కర్మ, అంత్యక్రియల్లో కర్మ నిలిచి ఉండగా, నిత్యసంభాషణలో ఆ పదం మహాప్రాణంతో ‘ఖర్మ’గా మారి దురదృష్టాన్ని సూచిస్తుంది. ‘నా ఖర్మ’ అన్నప్పుడు బాధపడేది వక్తే. ‘వాడి ఖర్మ’ అనే ప్రయోగమూ ఉంది గాని, అందులో శాస్తి జరిగిందన్న తృప్తి కన్నా ‘మనమేం చేయగలం’ అనే నిస్సహాయతో, విసుగో ప్రధానం.

ఇంగ్లీషు ‘కర్మ’ చెప్పే భావం తెలుగులో లేదనడానికి వీల్లేదు. దానిని వేరే మాటలు మోస్తున్నాయి: ‘పాపం పండింది’, ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’, ‘ఉసురు తగిలింది’. వీటిలో ‘ఉసురు’కు ఒక విశేషం ఉంది. ఉసురు తగలాలంటే ఏడ్చినవారు ఒకరుండాలి. ఇంగ్లీషు ‘కర్మ’కు అలాంటి బాధితుడి అవసరం లేదు, అది తనంతట తాను పనిచేసే లెక్క.

అందువల్ల తోటివారిని మోసగించినవాడు తానే మోసపోతే ‘కర్మ రా’ అని నవ్వే యువకుడే, బస్సు తప్పిపోతే ‘ఖర్మ’ అని తల పట్టుకుంటాడు. మొదటి చోట ‘పాపం పండింది’ అని మార్చి చూస్తే వాక్యం నిలుస్తుంది. రెండవ చోట నిలవదు. పలుకులోని ఒత్తు అందరి నోటా స్థిరంగా ఉండదు కనుక, ఈ ఆదేశ పరీక్షే నమ్మదగిన గుర్తు.

అనువాదంలో చిక్కు

పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ఆవరణలో కొడుకు మంచం పట్టిన ఒక తల్లి ‘మా ఖర్మ ఇలా ఉంది’ అన్నదనుకుందాం. దీనిని ఇంగ్లీషులో ‘అవర్ కర్మ’ అని అనువదిస్తే, ఆ కుటుంబం ఏదో తప్పు చేసి శిక్ష అనుభవిస్తున్నదని పాఠకుడు గ్రహిస్తాడు. దుఃఖం నేరాంగీకారంగా మారుతుంది. మూలపదాన్ని యథాతథంగా ఉంచడమే ఇక్కడ మూలానికి ద్రోహం. తలరాత, దురదృష్టం అనే అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటలే ఆ తల్లి మాటకు దగ్గరవుతాయి.

ధర్మం

ధర్మం విషయంలో జరిగింది ప్రధానంగా అర్థసంకోచం. విలియం జోన్స్ 1794లో మనుధర్మశాస్త్రాన్ని ‘న్యాయశాసనాలు’ అనే అర్థమిచ్చే శీర్షికతో వెలువరించాడు. జాక్ కెరువాక్ 1958 నవల ‘ది ధర్మ బమ్స్’లో ఆ పదానిది బౌద్ధ నేపథ్యం. నేడు ‘మై ధర్మ’ అంటే తరచు ఒక వ్యక్తి తనకై ఎంచుకున్న జీవితమార్గం. తెలుగులో ధర్మం ఒంటరి మనిషితో ఆగదు. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అనే యాచనలో, ధర్మాసుపత్రిలో, ధర్మసత్రంలో ఇచ్చేవారితో పాటు పుచ్చుకునేవారూ ఉంటారు. నిమ్స్‌కు పూర్వరూపమైన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వెనుక ఉన్నది నిజాం చారిటబుల్ ట్రస్టు. తెలుగులో అటువంటి సంస్థను ‘ధర్మనిధి’ అంటాం. ఇంగ్లీషు ‘ధర్మ’లో ఈ దానార్థం వినిపించదు.

ముగింపు

ఇంగ్లీషు నుంచి తిరిగి వచ్చిన ‘కర్మ’ను పునరాదానంగా గుర్తించి, ‘ఖర్మ’కు భిన్నమైన ఆరోపంగా నిఘంటువుల్లో నమోదు చేయడం అవసరం. రూపం ఒకటే అయినా, ఒకటి తన గోడు చెబుతుంది, మరొకటి ఎదుటివాడిపై తీర్పు చెబుతుంది.