కోతకు ముందు ఎవరి మాట?

ఉత్తర తెలంగాణలో ఏ ప్రసూతి వార్డు బయట నిలబడ్డా చెవిన పడే మాట ఒకటుంది: "సార్, మీ చేతుల్ల పెట్టినం." అందులో నమ్మకం ఉంది, భయం ఉంది, నిర్ణయాన్ని పూర్తిగా వదులుకోవడమూ ఉంది. వైద్య నీతి చాలా శతాబ్దాలు ఈ మాట మీదే నడిచింది. రోగికి మేలు చేయాలి, ఆ మేలు ఏమిటో డాక్టరుకే తెలుసు. రోగి ఏమనుకుంటున్నాడో అడగడం మర్యాదే తప్ప బాధ్యత కాదు.

ఆ లెక్క ఆడవాళ్ల పొత్తికడుపు దగ్గర మారడం మొదలైంది. న్యూయార్క్‌లో ఒక స్త్రీ మత్తిచ్చి పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకుంది, ఆపరేషన్ వద్దంది. డాక్టర్లు గడ్డ తీసేశారు. 1914లో ఆ కేసులో తీర్పు రాసిన జడ్జి కార్డోజో, తెలివి సరిగా ఉన్న ప్రతి పెద్ద మనిషికీ తన ఒంటి మీద ఏం జరగాలో తేల్చుకునే హక్కు ఉందన్నాడు. దావా మాత్రం ఆమె ఓడిపోయింది. ధర్మాసుపత్రి కాబట్టి డాక్టర్ల తప్పుకు అది బాధ్యత వహించనక్కర్లేదన్నారు. సూత్రం నిలిచింది, ఆమెకు మాత్రం ఏమీ దక్కలేదు.

1979లో టామ్ బోషాంప్, జేమ్స్ చిల్డ్రెస్ రాసిన పుస్తకంతో నాలుగు సూత్రాలు ఒక చోట చేరాయి. స్వయంనిర్ణయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. అమెరికాలో పరిశోధనల కోసం అదే ఏడాది వెలువడిన బెల్మాంట్ నివేదికలో మూడే ఉన్నాయి. దాని తయారీలోనూ పనిచేసిన బోషాంప్, చిల్డ్రెస్‌తో కలిసి కీడు చేయకపోవడాన్ని విడదీసి వేరే సూత్రంగా నిలబెట్టాడు. మన మెడికల్ కాలేజీల్లో ఈ నాలుగింటినీ కంఠస్థం చేయిస్తారు కానీ అసలు మెలిక అక్కడ జారిపోతుంది. వీటిలో ఏదీ పుట్టుకతో పెద్దది కాదు. ఒకదాన్ని పక్కన పెట్టాలంటే బలమైన కారణం ఉండాలి, అంతకంటే తక్కువ నష్టంతో పని జరిగే దారి లేదని తేలాలి, పక్కన పెట్టినా వీలైనంత తక్కువగా పెట్టాలి.

మన దేశంలో ఈ చర్చను గట్టిగా తేల్చిన తీర్పు 2008 జనవరిలో వచ్చింది. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయట కూర్చున్న తల్లిని అడిగించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సుప్రీంకోర్టు తేల్చింది ఇది: కూతురు పెద్దది, కాసేపట్లో మత్తు దిగుతుంది, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితీ లేదు. కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదు. వైద్యపరంగా ఆ ఆపరేషన్ సరైనదే కావచ్చు, అయినా ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి పనికిరాదు. న్యూయార్క్ మాట మనకు చేరడానికి 94 ఏళ్లు పట్టింది.

ఇక మన జిల్లాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో ఆ అంకె 80 దాటింది. కుమురం భీం ఆసిఫాబాద్‌లో అందులో సగం కూడా లేదు. ఒకే ప్రాంతంలో ఒకవైపు అక్కర్లేని కోత, మరోవైపు అవసరమైనా అందని కోత. నాలుగో సూత్రమైన న్యాయం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు నాకు కనబడలేదు.

కరీంనగర్ వైపు తరచు వినిపించే కారణం ముహూర్తం. పంతులు చెప్పిన ఘడియ 38వ వారంలో పడితే ఆ రోజే కోయమంటారు. ఇది స్వయంనిర్ణయమే కదా అని డాక్టరు తప్పుకోవచ్చా? కుదరదు. వద్దనే హక్కు, కావాలని పట్టుబట్టే హక్కు సమానం కావు. 39 వారాలు నిండకముందే నొప్పులు రాకుండా తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. తల్లికి వచ్చే కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కునే ప్రమాదముంది. పైగా ముహూర్తం అడిగేది చాలాసార్లు అత్తమామలు. గర్భిణిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే జవాబు మారవచ్చు.

ఆదిలాబాద్ వైపు ప్రశ్న తిరగబడుతుంది. ఇక్కడ నేను చెప్పే కేసు ఏ ఒక్క ఆసుపత్రిలోనో జరిగింది కాదు, విశ్లేషణ కోసం కట్టుకున్నది. ఉట్నూరు ఏజెన్సీ గూడెం నుంచి 24 ఏళ్ల గోండు స్త్రీని తీసుకొచ్చారు. రెండో కాన్పు. గర్భాశయ ముఖం నాలుగు గంటలుగా ఆరు సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. ఉమ్మనీరు పచ్చగా మారింది. 110 నుంచి 160 మధ్య ఉండాల్సిన బిడ్డ గుండె, నొప్పి వచ్చినప్పుడల్లా 90కి పడి ఆలస్యంగా తేరుకుంటోంది. డాక్టరు సిజేరియన్ అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. భర్త మాత్రం సంతకానికి సిద్ధం.

చాలా చోట్ల కథ ఇక్కడే ముగుస్తుంది. భర్త సంతకం పెడతాడు, స్ట్రెచర్ కదులుతుంది. అలా కాకుండా గోండి తెలిసిన ఆశా కార్యకర్తను పిలిచి, "ఎందుకు వద్దంటున్నావమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగించారనుకోండి. "మా అక్కకు కోసినప్పుడు అడక్కుండనే పిల్లలు కాకుండ చేసిన్రు. నాకూ అట్లనే చేస్తరు" అంటుంది. ఆమె కోతను కాదనలేదు, చెప్పకుండా చేసే రెండో పనిని కాదంది. సమీరా కోహ్లీ కేసులో కోర్టు పట్టుకున్న విషయమే ఇది. సమ్మతి పత్రం మీద "సిజేరియన్ మాత్రమే, ట్యూబులు కట్టేది లేదు" అని రాసి, ఆమె భాషలో చదివి వినిపించి, ఏం చేయబోతున్నారో ఆమెతోనే తిరిగి చెప్పించాలి. ఆమె చెప్పగలిగితే తెలివి సరిగా ఉన్నట్టే. నొప్పుల్లో ఉందని ఆమె మాట తీసేయకూడదు. ఇదంతా థియేటర్ సిద్ధమయ్యే పది నిమిషాల్లో అయ్యే పని.

అప్పటికీ వద్దంటే? కోయకూడదనే నా తీర్పు. బిడ్డ ప్రాణం ఎదురుగా ఉండగా ఈ మాట రాయడం తేలిక కాదు. కానీ స్పృహలో ఉన్న మనిషిని పట్టి ఉంచి, మత్తిచ్చి కోయడాన్ని 'తక్కువ నష్టం' అనలేం. 1998లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఇలాంటి బలవంతపు సిజేరియన్ చట్టవిరుద్ధమంది. మేలు చేసే బాధ్యత మాత్రం అక్కడితో తీరిపోదు. ఆమెను ఎడమ పక్కకు తిప్పి, సెలైన్ పెట్టి, బిడ్డ గుండె వింటూ, పది నిమిషాలకోసారి మళ్లీ అడగాలి. "నీ ఇష్టం, మాకు సంబంధం లేదు" అని కేస్‌షీట్ మీద రాయించుకుని వెళ్లిపోవడం స్వయంనిర్ణయాన్ని గౌరవించడం కాదు, ఆమెను వదిలేయడం.

భర్త సంతకం ముందుకు రావడానికి మూలం మన నిబంధనల్లోనే ఉంది. 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి 7.16 ప్రకారం ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక సమ్మతి భర్త లేదా భార్య నుంచి, మైనరైతే తల్లిదండ్రుల నుంచి, లేదా రోగి నుంచి తీసుకోవాలి. రోగి పేరు వరుసలో చివరిది. 2023లో వచ్చిన కొత్త నియమాలను అదే ఏడాది ఆగస్టులో నిలిపివేయడంతో పాతవే మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ వరుసను తిరగరాయాలి. అందాకా మన ఆసుపత్రులు ఒక పని చేయవచ్చు: ట్యూబెక్టమీ సమ్మతిని సిజేరియన్ కాగితంలో కలపకుండా వేరే కాగితం మీద, నొప్పులు మొదలవకముందే, ఆమెను ఒంటరిగా అడిగి తీసుకోండి.