ఉద్దానం కిడ్నీ వ్యాధి: పరిశోధన ప్రతిపాదనలో సమస్యా వివరణను ఎలా తూచాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఏళ్ల తరబడి మనుషుల్ని బలి తీసుకుంటోంది. మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలు కనిపించని రోగులు అక్కడ చాలామంది. ఇలాంటి చోట పరిశోధనకు నిధులు అడిగే ప్రతిపాదనలో మొదటి పేజీయే అసలు పరీక్ష. చర్చకోసం ఒక ఊహాత్మక సమస్యా వివరణను తీసుకుందాం:

“ఉద్దానంలో కలుషిత తాగునీటి వల్ల వేలాదిమంది కిడ్నీ వ్యాధికి గురవుతున్నారు. ఈ రెండేళ్ల ప్రాజెక్టు వ్యాధి మూలకారణాన్ని కనుగొని నివారణ మార్గాన్ని సూచిస్తుంది.”

చదవగానే మనసు కదులుతుంది. కానీ సమీక్షకుడు ముందుగా చూడవలసింది మొదటి వాక్యంలోని ‘వల్ల’ అన్న మాటను. మొదటి వాక్యం కారణాన్ని తేల్చేసింది. రెండో వాక్యం అదే కారణాన్ని వెదుకుతానంటోంది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, భార లోహాలు, సిలికా, ఇలా అనేక అనుమానాలున్నా ఏదీ నిర్ధారణ కాలేదు. ఒక అనుమానాన్ని తేలిన విషయంగా రాస్తే, దాన్ని పరీక్షించే పద్ధతి కూడా దానికే అనుకూలంగా తయారవుతుంది. నీటి నమూనాలు మాత్రమే సేకరించే పరిశోధకుడికి ఎండ ప్రభావం ఎన్నటికీ కనిపించదు. పైగా, ఈ ఏడాది పట్టిన బోరు నీరు, పదిహేనేళ్ల క్రితం రోగి తాగిన నీటి గురించి చాలా తక్కువే చెబుతుంది. ఒకే బోరు నీళ్లు తాగి ఒకరు రోగిగా, పొరుగువారు ఆరోగ్యంగా ఉన్న సందర్భాలను వివరణ ఎలా ఎదుర్కొంటుందో కూడా అడగాలి.

‘వేలాదిమంది’ అన్న మాట మరింత లోతుగా చూడవలసినది. ఆ సంఖ్య ఎక్కడిది? ఆసుపత్రి రిజిస్టరుదా, డయాలసిస్ కేంద్రానిదా, గ్రామ సర్వేదా? ఆసుపత్రికి వచ్చినవారి లెక్క, ఊళ్లో ఉన్న వ్యాధి లెక్క కాదు. సర్వే అయినా, పరీక్ష ఎన్నిసార్లు చేశారన్నది కీలకం. రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి కిడ్నీల వడపోత సామర్థ్యాన్ని అంచనా కడతారు. ఈ కొలతను బట్టి చూస్తే, అది నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటేనే దీర్ఘకాలిక వ్యాధిగా లెక్క. మే నెలలో జీడి తోటలో పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషికి సాయంత్రం రక్తం తీస్తే, ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు. అతన్ని రోగిగా రాసుకుంటే లెక్క పెరుగుతుంది. మరోవైపు కండ తక్కువగా ఉన్న ముసలివారిలో క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తూనే కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు. అంటే ఒక్కసారి పరీక్షతో వచ్చిన సంఖ్య ఎటువైపు తప్పుతుందో కూడా తెలియదు.

ఈ లోటులోనే నిధులివ్వదగిన ప్రశ్న ఉంది. వివరణను ఇలా తిరగరాయవచ్చు: “ఒక్కసారి పరీక్షలో కిడ్నీ సామర్థ్యం తగ్గినట్టు కనిపించిన ఉద్దానం పెద్దవారిలో ఎందరికి మూడు నెలల తర్వాత కూడా అది తగ్గే ఉంటోంది? ఎండలో పనిచేసేవారిలో, చేయనివారిలో ఆ నిష్పత్తి ఒకేలా ఉందా?” మూలకారణం జోలికి ఇది పోదు. కానీ దీనికి జవాబు లేకుండా మూలకారణపు అధ్యయనం రోగులనే సరిగా గుర్తించలేదు.

పరిధి సాధ్యమా కాదా అన్నది లెక్కతో తేలుతుంది. మొదటి పరీక్షలో ఇరవై శాతం మందికి సామర్థ్యం తగ్గి ఉంటుందని అనుకుందాం. మూడు శాతం అటూఇటూ కచ్చితత్వం కావాలంటే 683 మంది చాలు. కానీ ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటాం కనుక ఒకే ఊరివారి ఫలితాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకు లెక్కను రెట్టింపు చేస్తే 1366. పరీక్షకు రానివారిని కలుపుకొని సుమారు 1500 మందిని పిలవాలి. వారిలో మళ్లీ పరీక్షించవలసినవారు దాదాపు 270 మంది. ఒక జిల్లా బృందం చేయగలిగిన పనే ఇది. ఎండలో పనిచేసేవారిని విడిగా పోల్చడానికి ఆ 270 మంది సరిపోతారా అన్నది మాత్రం దరఖాస్తుదారు వేరే లెక్కతో చూపాలి.

ఇక్కడ ప్రతిపాదన మౌనం వహించే అవకాశమున్న విషయం వలస. పనికోసం ఊరు విడిచివెళ్లినవారు మూడు నెలల తర్వాత దొరకకపోవచ్చు. వారే ఎక్కువగా ఎండలో శ్రమించేవారైతే, మిగిలినవారితో తీసిన నిష్పత్తి తప్పుదారి పట్టిస్తుంది. రెండో పరీక్ష ఏ నెలలో పెడతారో, ఫోన్ ద్వారా ఎలా వెంబడిస్తారో, దొరకనివారి వివరాలు ఎలా నమోదు చేస్తారో వివరణలోనే ఒక వాక్యమైనా ఉండాలి.

నా తీర్పు ఇది: తొలి రూపంలోని ప్రతిపాదనను, సమస్య ఎంత తీవ్రమైనదైనా, తిప్పి పంపాలి. తిరగరాసిన ప్రశ్నతో వచ్చినా, మూడు నెలల పునఃపరీక్షకు, వలస వెళ్లినవారిని చేరుకోవడానికి బడ్జెట్‌లో విడిగా సొమ్ము చూపకపోతే ఆమోదించకూడదు.